పరగడుపున పొద్దెక్కితే



ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో తలనొప్పి మొదలయ్యేవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. ముందు కణతల దగ్గర బరువుగా అనిపిస్తుంది. కాసేపటికి కడుపులో తిప్పుతుంది. నోట్లో నీళ్లూరతాయి. పుల్లటి తేన్పులు వస్తాయి. ఛాతీ మధ్యలో మంట. "పైత్యం చేసింది" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. "గ్యాస్ తలకెక్కింది" అంటారు మందుల షాపు దగ్గర. "షుగర్ డౌన్ అయినట్టుంది" అంటారు పక్క సీట్లో కూర్చున్నవాళ్లు.

అలాంటివాళ్లు ఆసుపత్రికి వస్తే నేను మొదట అడిగేది ఒకటే. "ఆఖరుసారి అన్నం ఎప్పుడు తిన్నారమ్మా?" అని. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఈరోజు ఆ ఒక్క విషయమే మాట్లాడుకుందాం. తిండికీ తిండికీ మధ్య వచ్చే ఎడం గురించి. ఆ ఎడం పెరిగితే తల ఎందుకు నొప్పి పెడుతుంది, వాంతి ఎందుకు వచ్చినట్టవుతుంది, కడుపు ఎందుకు మండుతుంది. ఆ ఎడాన్ని ఎక్కడ తగ్గించుకోవచ్చు.

ఒక టీచరుగారి సంగతి చెబుతాను. వయసు నలభైకి దగ్గర. ఊరికి కాస్త దూరంలో బడి. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు. వారంలో రెండు మూడు రోజులు తలనొప్పి, వాంతులు. చాలాకాలంగా మందులు వాడుతున్నారు. తగ్గడం లేదు. ఆవిడ రోజు ఎలా గడుస్తుందో గంట గంటకూ చెప్పమన్నాను.

రాత్రి అందరికీ వడ్డించి, తాను తినేసరికి 9 గంటలు. పొద్దున 5 గంటలకు లేస్తారు. లేవగానే ఒక గ్యాస్ మాత్ర. ఆ వెంటనే టీ. తర్వాత వంట. పిల్లలకు ఇడ్లీ, పెద్దవాళ్లకు ఉప్మా, అందరికీ బాక్సులు. అంతలో 7.45 బస్సు టైమవుతుంది. తినడానికి తీరిక ఉండదు. పదిన్నరకు స్టాఫ్ రూములో మళ్లీ టీ. పదకొండున్నరకు తలనొప్పి. అప్పుడు బ్యాగులోంచి ఒక నొప్పి మాత్ర తీసి నీళ్లతో మింగుతారు. అన్నం తినేసరికి 12.45.

ఇప్పుడు లెక్క వేద్దాం. రాత్రి 9 నుంచి మర్నాడు 12.45 దాకా. దాదాపు 16 గంటలు. మధ్యలో కడుపులో పడ్డది రెండు టీలు, రెండు మాత్రలు. మళ్లీ చెబుతున్నాను, 16 గంటలు. ఆవిడకి మాత్రం తాను ఉపవాసం ఉంటున్నట్టే అనిపించలేదు. "టిఫిన్ ఒక్కటే కదండీ మానేది" అన్నారు.

ఆ 16 గంటల్లో ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ముందు తల సంగతి.

మన మెదడుకి గంటకి సుమారు 5 గ్రాముల గ్లూకోజు కావాలి. పగలైనా, రాత్రైనా, నిద్రలో ఉన్నా సరే. అన్నం తిన్న తర్వాత మూడు నాలుగు గంటలపాటు ఆ గ్లూకోజు నేరుగా తిండిలోంచే వస్తుంది. ఆ తర్వాత కాలేయం ఇస్తుంది. కాలేయాన్ని మన వంటింట్లో బియ్యం డబ్బా అనుకోండి. తిన్నప్పుడు అందులో నింపి పెట్టుకుంటాం. తిననప్పుడు అందులోంచి తీసి వాడుకుంటాం. ఆ డబ్బాలో పట్టేది మహా అయితే 100 గ్రాములు. తెల్లవారేసరికి అందులో సుమారు సగం ఖర్చయిపోతుంది. లేచాక కూడా తినకపోతే, మిగిలిన దాంతో సరిపెట్టుకుంటూ, ఒంట్లోని కొవ్వునీ కండనీ కరిగించి గ్లూకోజుకి లోటు రాకుండా చూసుకోవాలి. ఆ పనికి గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పూనుకుంటాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి టిఫిన్ మానేసినంత మాత్రాన షుగర్ ప్రమాదకరంగా పడిపోదు. తలనొప్పి వస్తున్న సమయానికి వేలు గుచ్చి పరీక్ష చేస్తే సాధారణంగా 80 అనో, 85 అనో వస్తుంది. అది మామూలే. అంటే షుగర్ పడిపోకుండానే తలనొప్పి వస్తోందన్నమాట. డాక్టర్లు దీన్ని ఉపవాసపు తలనొప్పి అని విడిగా గుర్తిస్తారు. కనీసం 8 గంటలు తినకుండా ఉన్నప్పుడు వస్తుంది. తలంతా పట్టేసినట్టు ఉంటుంది. తిన్నాక తగ్గుతుంది. ఎడం పెరిగేకొద్దీ అది వచ్చే అవకాశం పెరుగుతుంది.

మైగ్రేన్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఇది ఇంకా కష్టం. మెదడు అడుగున హైపోథాలమస్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. ఆకలి, దాహం, నిద్ర, ఇవన్నీ అదే చూసుకుంటుంది. మైగ్రేన్ నొప్పి మొదలవడానికి ఎన్నో గంటల ముందే ఆ భాగంలో కదలిక పెరుగుతుందని స్కానింగుల్లో కనిపించింది. అందుకే మైగ్రేన్ ఉన్నవాళ్లకి నిద్ర తప్పినా పడదు, తిండి తప్పినా పడదు. మామూలువాళ్లకి కాస్త నీరసంగా అనిపించి పోయేది, వీళ్లకి పూర్తి తలనొప్పిగా మారుతుంది. ఇంట్లో ఒకరు టిఫిన్ మానేసి హాయిగా తిరుగుతుంటే, ఇంకొకరు మంచమెక్కేది ఇందుకే. అది వాళ్ల సుకుమారం కాదు. దయచేసి అలా అనకండి.

ఇంకో తేడా కూడా ఉంది. మామూలు ఆకలి తలనొప్పి తింటే తగ్గుతుంది. మైగ్రేన్ ఒకసారి మొదలయ్యాక తిన్నంత మాత్రాన ఆగదు. "అన్నం తిన్నా తగ్గలేదు కాబట్టి ఇది ఆకలి వల్ల వచ్చింది కాదు" అని చాలామంది అనుకుంటారు. పొరపాటు. మొదలవడానికి కారణం ఆకలే కావచ్చు. కానీ అప్పటికే ఆలస్యమైంది. తినాల్సింది నొప్పి వచ్చాక కాదు, రాకముందు.

ఇప్పుడు వికారం, వాంతి. మైగ్రేన్ మొదలైతే కడుపు మందగిస్తుంది. కడుపులో ఉన్నది కిందికి కదలదు. అదే సమయంలో మెదడులో వాంతిని నడిపించే కేంద్రం కూడా మేలుకుంటుంది. అందుకే వాసన పడదు. బస్సు కుదుపు పడదు. మింగిన మాత్ర కూడా త్వరగా పనిచేయదు, ఎందుకంటే అది కడుపులోనే ఉండిపోతుంది.

చివరికి వాంతి అవుతుంది. పచ్చగా, చేదుగా పసరు పడుతుంది. కాసేపటికి తల తేలికపడుతుంది. "చూశారా, పైత్యమంతా పోయింది, తగ్గింది" అంటారు. అలా అనిపించడం సహజమే. కానీ జరిగింది వేరు. కడుపులో తిండి లేదు. ఖాళీ కడుపుతో వాంతి అవుతుంటే పై పేగులోంచి పైత్యరసం వెనక్కి తన్నుకొస్తుంది. బయటికి రావడానికి వేరే ఏమీ లేదు కాబట్టి అదే వస్తుంది. తలనొప్పికి ఆ పసరు కారణం కాదు. మైగ్రేన్ నొప్పి కొందరిలో వాంతితో సద్దుమణుగుతుంది, అంతే. కాబట్టి పసరు కక్కించడానికి గొంతులో వేళ్లు పెట్టుకోవద్దు. ఉప్పునీళ్లు తాగి బలవంతంగా వాంతి చేసుకోవద్దు. దాంతో ఒంట్లో నీరు పోతుంది, కడుపులోని యాసిడ్‌కి గొంతు, పళ్లు పాడవుతాయి. గ్యాస్ తలకెక్కడమన్నది కూడా అంతే. కడుపులోంచి తలకి గాలి వెళ్లే దారేదీ లేదు.

ఇక కడుపులో మంట.

మన కడుపు రోజుకి ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల జీర్ణరసం తయారుచేస్తుంది. అందులో ఘాటైన యాసిడ్ ఉంటుంది. తిండి పడితే ఆ ఘాటు కొంత తగ్గుతుంది, తిండి దాన్ని పీల్చుకుంటుంది. తిండి లేకపోతే ఊరేది తక్కువే అయినా, ఊరినదంతా ఘాటుగానే ఉంటుంది.

పైగా ఆ రసం ఊరడానికి తిండి కడుపులోకే వెళ్లనక్కర్లేదు. రష్యాలో పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కల మీద ఈ సంగతి నిరూపించారు. కుక్క తింటుంది, ఆ తిండి కడుపుకి చేరకుండా మధ్యలోనే బయటికి వచ్చేస్తుంది, అయినా కడుపులో రసం ఊరుతుంది. జీర్ణక్రియ మీద చేసిన ఆ పరిశోధనకే 1904లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. మన వంటింట్లో జరిగేది కూడా దాదాపు అదే. పొయ్యి మీద పోపు వేగుతుంది. కరివేపాకు, ఇంగువ వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకి, ఆ చూపుకి వండే అమ్మ కడుపులో యాసిడ్ ఊరుతుంది. కానీ ఆ అమ్మ తినదు. అందరికీ పెడుతుంది. మధ్యలో టీ తాగుతుంది. ఆ టీ ఇంకాస్త యాసిడ్ ఊరేలా చేస్తుంది. ఇంట్లో అందరికంటే ముందు ఆకలి వేసేది వండేవాళ్లకి, అందరికంటే చివర తినేదీ వాళ్లే. మన ఇళ్లలో ఈ పద్ధతి మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అయితే ఒక మాట. తినకుండా ఉంటే అల్సర్ వస్తుందని చాలామంది భయపెడతారు. అల్సర్‌కి ముఖ్యమైన కారణాలు రెండు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఒకటి. నొప్పి మాత్రలు రెండోది. ఆ బాక్టీరియాని కనిపెట్టిన మార్షల్, వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి 2005లో నోబెల్ ఇచ్చారు. ఆరోగ్యంగా ఉన్న కడుపుకి లోపల జిగురులాంటి పూత ఉంటుంది. ఖాళీగా ఉన్నా యాసిడ్‌ని తట్టుకుంటుంది. ఆ పూత దెబ్బతిన్నవాళ్లకి, యాసిడ్ పైకి ఎగదన్నే అలవాటున్నవాళ్లకి ఖాళీ కడుపు మంటగా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ టీచరుగారి దగ్గరికి మళ్లీ వెళదాం. ఆవిడ బ్యాగులోని నొప్పి మాత్ర గుర్తుందా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, ఇలాంటి మాత్రలు కడుపులోని ఆ పూతనే పలచబరుస్తాయి. ఆవిడ దాన్ని వేసుకుంటున్నది పద్నాలుగు గంటల ఖాళీ కడుపుతో. తలనొప్పికి వేసుకున్న మాత్ర కడుపుమంటని పెంచింది. కడుపుమంటకని గ్యాస్ మాత్ర. మరి ఆ గ్యాస్ మాత్రైనా పనిచేసిందా? అదీ లేదు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలు కడుపులో యాసిడ్‌ని ఊరించే కణాలు పనిలో ఉన్నప్పుడే వాటిని బాగా అడ్డుకోగలవు. ఆ కణాల్ని పూర్తిగా పనిలోకి దింపేది తిండి. అందుకే తిండికి అరగంట ముందు వేసుకుని, తర్వాత తప్పకుండా తినాలి. ఆవిడ 5 గంటలకు మాత్ర వేసుకుని 12.45కి తింటున్నారు. మాత్ర చాలావరకు వృథా. "తినకముందు వేసుకోమన్నారండీ" అన్నారు. నిజమే, తినకముందే. కానీ తినాలి కదా.

ఆ తర్వాత మధ్యాహ్నం ఆకలి మీద ఒకేసారి నిండా తినేవారు. ఆవకాయ కలుపుకుని, గబగబా. కడుపు ఒక్కసారిగా సాగితే అన్నవాహిక కింద ఉండే కవాటం వదులవుతుంది. యాసిడ్ పైకి వస్తుంది. రాత్రి 9కి తిని 10కి పడుకున్నా అంతే. పడుకుంటే యాసిడ్ పైకి రావడం మరీ తేలిక.

మరి ఏం చేశారు? ఆవిడకి కొత్త మందులేమీ రాయలేదు. ఎడం తగ్గించాం.

రాత్రి భోజనం 8 గంటలకు జరిపాం. పొద్దున లేచాక ముందు ఒక గ్లాసు నీళ్లు. గ్యాస్ మాత్ర కొన్నాళ్లు ఉంచాం, ఆరు గంటలకు. ఇడ్లీ మొదటి వాయి దిగగానే, ఆరున్నరకు, రెండు ఇడ్లీలు ఆవిడే తినాలి. పల్లీ చట్నీతోనో, సాంబారుతోనో. ఉత్త ఇడ్లీ త్వరగా అరిగిపోతుంది. పల్లీలో, పప్పులో ఉన్న మాంసకృత్తులు ఆకలిని కాస్త ఆపుతాయి. టీ ఆ తర్వాతే. ఇడ్లీ లేని రోజు చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తినమన్నాను. లేదంటే ఒక గ్లాసు రాగి జావ. పదిన్నరకు టీతోపాటు గుప్పెడు వేయించిన సెనగలో, అరటిపండో. మధ్యాహ్నం మామూలు భోజనం. సాయంత్రం నాలుగున్నరకు ఏదో కాస్త.

మళ్లీ చెబుతాను, రాసుకోనక్కర్లేదు, గుర్తుంటుంది. లేచిన గంటన్నరలోపు ఏదో ఒకటి తినాలి. టీ కంటే ముందు తినాలి. ఆ తర్వాత పగలు నాలుగు గంటలకు మించి ఎడం రానివ్వకూడదు. ఎక్కువ తినమని నేను అనడం లేదు. ఆ తిండినే విడదీసి తినమంటున్నాను.

రెండు బిస్కెట్లు చాలవా అని అడుగుతారు. బస్సులో ఉన్నప్పుడు, ఏమీ దొరకనప్పుడు పరవాలేదు. కానీ అవి మైదా, చక్కెర. అరగడానికి ఎక్కువసేపు పట్టదు. మళ్లీ గంటలో మొదటికొస్తుంది. గర్భిణులకు మాత్రం పొద్దున వికారం ఉంటే, మంచం దిగకముందే రెండు పొడి బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో తింటే సుఖంగా ఉంటుంది.

రెండు మూడు నెలల తర్వాత ఆ టీచరుగారికి తలనొప్పి చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. నెలసరి ముందు, నిద్ర చాలని రోజుల్లో వస్తూనే ఉంది. ఆవిడది మైగ్రేన్, దాని స్వభావమే అంత. తిండి ఒక్కటే దానికి కారణం కాదు. కానీ మన చేతిలో ఉన్న కారణం అది.

మీ తలనొప్పి ఇలాంటిదేనా? తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. మూడు వారాలపాటు గోడకున్న క్యాలెండరులో, నొప్పి వచ్చిన రోజు రెండు టైములు రాయండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఎప్పుడు తిన్నారు. రెంటికీ మధ్య ఎడం ప్రతిసారీ అయిదారు గంటలు దాటుతుంటే, కారణం దొరికినట్టే. ఆదివారం తలనొప్పులు కూడా గమనించండి. ఆదివారం ఆలస్యంగా లేస్తాం. టిఫిన్ పదింటికి. రోజూ ఆరింటికి పడే కాఫీ తొమ్మిదింటికి పడుతుంది. అలవాటైన కాఫీ అందకపోయినా తల నొప్పి పెడుతుంది. సెలవు రోజున కూడా ఆ మొదటి తిండి వేళ మరీ జరగకుండా చూసుకోండి.

నొప్పి మాత్రలు నెలలో సగం రోజులు వేసుకుంటున్నారా? అలా నెలల తరబడి సాగితే ఆ మాత్రల వల్లే తలనొప్పి దాదాపు రోజూ రావచ్చు. డాక్టరుకి చెప్పి మానాలి.

షుగర్ జబ్బుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి నేను ఇందాక చెప్పిన ధీమా వర్తించదు. వీళ్లకి తిండి ఆలస్యమైతే షుగర్ నిజంగానే పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడడం కనిపిస్తే ఆలోచించకండి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. వీలైతే షుగర్ చూడండి, 70 కంటే తక్కువ ఉంటే అదే. 15 నిమిషాల తర్వాత తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకోగానే అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఛాతీ నొప్పి ఎడమ చేతికో, దవడకో పాకుతుంటే, చల్లటి చెమట పడుతుంటే, దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, మింగడం కష్టమైనా, తినే తిండి మారకుండా బరువు తగ్గుతున్నా డాక్టరుకి చూపించాలి. ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా పిడుగులా వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చేయో కాలో పట్టు తప్పినా, యాభై దాటాక మొదటిసారి తలనొప్పులు మొదలైనా, ఇవి ఆకలి తలనొప్పులు కావు. ఆగకండి.

చివరగా ఉపవాసాల మాట. కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉంటాయి. రంజాన్ నెల ఉంటుంది. నమ్మకం ఉన్నవాళ్లని మానమని నేను అనను. మైగ్రేన్ ఉన్నవాళ్లు ముందు నుంచే కాస్త సర్దుకోవచ్చు. ఉపవాసానికి వారం ముందు నుంచి కాఫీ, టీ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. రంజాన్‌లో తెల్లవారుజామున తినే సహరీ మానేసి ఉపవాసం ఉండకండి. అది ఎంత ఆలస్యంగా తింటే అంత మంచిది, నీళ్లు కూడా అప్పుడే బాగా తాగండి. కార్తీక సోమవారం పాలు, పళ్లు తీసుకునే ఆచారం ఉంటే, రెండూ సాయంత్రానికి దాచుకోకుండా పొద్దున కొంత, మధ్యాహ్నం కొంత తీసుకోండి. చుక్కలు చూశాక అన్నం మీద ఒక్కసారిగా పడకుండా, ముందు కొంచెం తిని, అరగంట ఆగి మిగతాది తినండి. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం ఉపవాసానికి ముందే డాక్టరుని కలిసి మందుల మోతాదు, వేళలు మార్పించుకోవాలి.